రెస్‌నెట్ పేపర్ రెండో పేజీలోనే ఆగిపోతున్నాను. ఫస్టియర్ వాడు రీసెర్చ్ పేపర్ ఎలా చదవాలి?

సాయి_గాజువాక · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను బీటెక్ సీఎస్‌ఈ ఫస్టియర్. మా కాలేజీలో సీనియర్లు ప్రతి శనివారం కూర్చుని ఒక పేపర్ చదువుతారు. వచ్చే శనివారం నా వంతు. "రెస్‌నెట్ తేలిక, నువ్వు చెప్పు" అని నాకు అంటగట్టారు. బొమ్మల్ని గుర్తుపట్టే లోతైన న్యూరల్ నెట్‌వర్క్‌ల మీద కైమింగ్ హే, మరో ముగ్గురు కలిసి 2015లో రాసింది. ప్రింటు తీశాను, 12 పేజీలు.

మొదటి పేజీ బాగానే నడిచింది. రెండో పేజీలో పాత పరిశోధనల గురించి చెప్పే సెక్షన్‌కి రాగానే వ్లాడ్, ఫిషర్ వెక్టర్, మల్టీగ్రిడ్ అని వరసగా తగిలాయి. ఒక్కటీ తెలీదు. మల్టీగ్రిడ్ అంటే ఏంటా అని వెతికితే పాక్షిక అవకలన సమీకరణాల దగ్గర తేలాను. అక్కడి నుంచి ఇంకో పేపరు, అందులోంచి ఇంకోటి. పొద్దుపోయింది కానీ నేను రెండో పేజీ దాటలేదు. హైలైటర్‌తో గీసుకుంటూ పోతే పేజీ మొత్తం పచ్చగా అయింది.

కన్వల్యూషన్ అంటే ఏంటో తెలుసు, ట్రైనింగ్ ఎర్రర్‌కీ టెస్ట్ ఎర్రర్‌కీ తేడా తెలుసు. అంతకు మించి పెద్దగా తెలీదు. ఏది చదవాలి, ఏది వదిలేయాలి? వదిలేసినా కొంప మునగదని ముందే ఎలా తెలుస్తుంది? టెన్షన్‌గా ఉంది.

శ్రీను_మధురవాడ · ఆదివారం రాత్రి 9:32

ఫస్టియర్‌లోనే పేపర్ అంటే మాటలు కాదు తమ్ముడూ. ముందు ఏ కాన్ఫరెన్స్‌కి పంపాలో చూసుకో. డబ్బులు కడితే వారంలో అచ్చేస్తామని మెయిల్స్ పంపేవాళ్లుంటారు, వాళ్ల జోలికి వెళ్లకు. గైడ్ పేరు పెట్టడం మర్చిపోకు, తర్వాత గొడవలవుతాయి.

సాయి_గాజువాక · ఆదివారం రాత్రి 9:35

అన్నా, నేను రాయట్లేదు. చదవడానికే చస్తున్నా.

శ్రీను_మధురవాడ · ఆదివారం రాత్రి 9:41

ఓహో, హెడ్డింగ్ సగమే చూశా. సరే, ఆ మెయిల్స్ సంగతి మాత్రం గుర్తుంచుకో, ఫైనలియర్‌కి నీకూ వస్తాయి.

రవితేజ_ఎంవీపీ · ఆదివారం రాత్రి 10:05

దీనికి ఒక పద్ధతి ఉంది బ్రో. కేశవ్ అనే ప్రొఫెసర్ 2007లో రెండు పేజీల్లో రాసిపెట్టాడు. పేపర్‌ని మూడుసార్లు చదవాలి. మొదటిసారి మొత్తం గబగబా, రెండోసారి మొత్తం మెల్లగా, మూడోసారి మొత్తం ఇంకా మెల్లగా. మూడోసారికి అన్నీ అర్థమైపోతాయి.

ఇక రెస్‌నెట్ అయితే చాలా సింపుల్. లేయర్లు ఎక్కువైతే గ్రేడియంట్ వెనక్కి వస్తూ వస్తూ సున్నా అయిపోతుంది. షార్ట్‌కట్ పెడితే అలా అవదు. అంతే, పేపర్ అయిపోయింది. దీనికి 12 పేజీలు ఎందుకు, పది నిమిషాల వీడియో చూసెయ్.

మాధురి_సిరిపురం · ఆదివారం రాత్రి 10:48

రవితేజ గారూ, మూడు విడతల మాట నిజమే. కానీ కేశవ్ గారు మూడుసార్లూ మొత్తం చదవమనలేదు. మొదటి విడతకి ఆయన ఇచ్చింది ఐదు నుంచి పది నిమిషాలే. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, సెక్షన్ల హెడ్డింగులు, ముగింపు చూసి, ఇది మనకు పనికొస్తుందా లేదా తేల్చుకోవడానికి. చాలా పేపర్లని అక్కడే పక్కన పెట్టేయొచ్చు. రెండో విడత గంట వరకు. అప్పుడు బొమ్మలు, గ్రాఫులు శ్రద్ధగా చూస్తాం, నిరూపణల లోతుకి పోం. మూడో విడతలో ఆ పనిని మనమే మళ్లీ చేస్తున్నట్టు ఆలోచించాలి, కొత్తవాళ్లకి నాలుగైదు గంటలు పడుతుందని ఆయనే రాశారు. అంటే ప్రతి విడతకీ పని వేరు. గ్రేడియంట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, అక్కడ ఒక తిరకాసు ఉంది.

సాయీ, నేను కంప్యూటర్ విజన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ పేపర్‌కి ఆ పద్ధతి యథాతథంగా కుదరదు, ఎందుకంటే దీనికి ముగింపు సెక్షనే లేదు. ఆబ్జెక్ట్ డిటెక్షన్ ఫలితాలతో ఆగిపోతుంది, తర్వాత రిఫరెన్సులు, అనుబంధాలు. కాబట్టి ఇంకో దారి చెప్తాను.

చదవడం ఆపేసి, మొదటి పేజీలో ఉన్న మొదటి బొమ్మ ఒక్కటి చూడు. పక్కపక్కనే రెండు గ్రాఫులు. ఎడమది ట్రైనింగ్ ఎర్రర్, కుడిది టెస్ట్ ఎర్రర్. రెండింటిలోనూ రెండేసి గీతలు: ఒకటి 20 లేయర్ల నెట్‌వర్క్‌ది, ఇంకోటి 56 లేయర్లది. డేటా సిఫార్-10 అనే చిన్న బొమ్మల సెట్. ఏ గీత పైన ఉంది, అందులో వింత ఏంటి? పేపర్‌లోని వాక్యాలు చూడకుండా నీ మాటల్లో ఇక్కడ రాయి.

సాయి_గాజువాక · ఆదివారం రాత్రి 11:02

రెండు గ్రాఫుల్లోనూ 56 లేయర్ల గీతే పైన ఉంది అక్కా. అంటే లేయర్లు పెరిగితే తప్పులు పెరిగాయి. నెట్‌వర్క్ మరీ పెద్దదై ఓవర్‌ఫిట్ అయినట్టుంది. కరెక్టేనా?

మాధురి_సిరిపురం · ఆదివారం రాత్రి 11:06

మొదటి వాక్యం కరెక్ట్. రెండోది ఎడమ గ్రాఫ్‌తో సరిచూసుకో. ఓవర్‌ఫిట్ అయితే ట్రైనింగ్ ఎర్రర్ ఎలా ఉండాలి?

సాయి_గాజువాక · ఆదివారం రాత్రి 11:15

తక్కువ ఉండాలి. బట్టీ పట్టేస్తుంది కాబట్టి ట్రైనింగ్‌లో బాగా చేసి, టెస్ట్‌లో తప్పాలి. కానీ ఇక్కడ ట్రైనింగ్‌లోనే వెనకబడింది. అంటే ఓవర్‌ఫిట్ కాదు. పెద్ద నెట్‌వర్క్ చూసిన బొమ్మల్నే నేర్చుకోలేకపోయింది. అలా ఎలా జరుగుతుంది?

మాధురి_సిరిపురం · ఆదివారం రాత్రి 11:31

ఆ చివరి ప్రశ్నే పేపర్. దాన్ని నీ ప్రింటు మొదటి పేజీ పైన పెన్నుతో రాసుకో.

అది ఎందుకు అంత వింతో ఇంట్రడక్షన్‌లో ఒక పేరాలో ఉంటుంది, ఆ ఒక్క పేరా మాత్రం ఎంతసేపైనా నమిలి చదువు. వాళ్ల వాదన ఇది. ఒక చిన్న నెట్‌వర్క్‌ని బాగా ట్రైన్ చేశావనుకో. దాని పైన ఇంకో 36 లేయర్లు పేర్చి, వాటిని ఏ పనీ చేయకుండా, వచ్చినదాన్ని వచ్చినట్టే పైకి పంపమన్నావనుకో. ఇప్పుడు నీ దగ్గర 56 లేయర్లున్నాయి, ఫలితం మాత్రం 20 లేయర్లదే. అంటే 56 లేయర్ల నెట్‌వర్క్ కనీసం 20 లేయర్లంత బాగా చేసే మార్గం ఒకటి కచ్చితంగా ఉంది. ఉన్నా ట్రైనింగ్ దాన్ని పట్టుకోలేకపోతోంది. అందుకని వాళ్లు, వచ్చినదాన్ని వచ్చినట్టు పంపడాన్నే తేలిక చేశారు. లేయర్ల చుట్టూ ఒక షార్ట్‌కట్ వేసి y = F(x) + x అన్నారు. ఏమీ చేయొద్దనుకుంటే F ని సున్నా వైపు నెడితే చాలు.

ఇప్పుడు నువ్వడిగిన దానికి వద్దాం. ఏం వదిలేయాలి? ప్రతి పేరా దగ్గరా ఆ ప్రశ్న వేసి చూడు: ఇది లేకపోతే, పెద్ద నెట్‌వర్క్ ఎందుకు నేర్చుకోలేదు, షార్ట్‌కట్ పెడితే నేర్చుకుందని ఎలా తెలిసింది అన్న కథ తెగుతుందా? వ్లాడ్, ఫిషర్ వెక్టర్, మల్టీగ్రిడ్ తీసేస్తే కథ తెగదు. తేడాని మాత్రమే లెక్కగట్టడం అనే ఆలోచన వేరే రంగాల్లో ముందే ఉందని, ఆ ఘనత వాళ్లదేనని రచయితలు చెప్పుకుంటున్నారు. పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి దాటెయ్.

దాటేసింది తర్వాత దెబ్బ కొడుతుందేమోనని అనుమానమా? పీడీఎఫ్‌లో Ctrl+F కొట్టి చూడు. మల్టీగ్రిడ్ ఆ సెక్షన్ దాటాక రిఫరెన్సుల్లో తప్ప కనబడదు. అదే బ్యాచ్ నార్మలైజేషన్ అని, దాని పొట్టి పేరు BN అని కూడా కొట్టు. పద్ధతి చెప్పేచోట వస్తుంది, ఫలితాల్లో ఒక ముఖ్యమైన వాదన మధ్యలోనూ వస్తుంది. దాన్ని మాత్రం ఆగి తెలుసుకోవాలి. అదీ మొత్తం పేపర్ చదివి కాదు, అది ఏం చేస్తుందో నాలుగు వాక్యాల్లో తెలిస్తే చాలు.

ప్రసాద్_మాస్టారు · సోమవారం ఉదయం 6:20

నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి చెప్పింది బాగుంది కానీ నాకో అభ్యంతరం ఉంది. దాటేయడం ఫస్టియర్‌లోనే నేర్పితే ఇక జీవితమంతా దాటేస్తూనే పోతారు. మేము లైబ్రరీలో జర్నల్ ముందు పెట్టుకుని, ఒక సమీకరణం నుంచి తర్వాతి సమీకరణం ఎలా వచ్చిందో కాగితం మీద కట్టి చూసేవాళ్లం. "తేలిగ్గా చూపవచ్చు" అని రాసిన చోటే అసలు పనంతా దాక్కుని ఉంటుంది. అక్కడ చెయ్యి నలగకుండా చదివానంటే నేను ఒప్పుకోను.

మాధురి_సిరిపురం · సోమవారం ఉదయం 8:55

మాస్టారూ, థియరీ పేపర్ అయితే మీ మాటకి తిరుగులేదు. కానీ ఇందులో నంబరు వేసిన సమీకరణాలు రెండే రెండు, రెండూ కూడికలే. దీని బరువంతా టేబుళ్ల మీద ఉంది. చెయ్యి నలగాల్సింది అక్కడ.

సాయీ, రెండో టేబుల్ తీయి. నాలుగే అంకెలు. ఇమేజ్‌నెట్ అనే పెద్ద బొమ్మల సెట్ మీద టాప్-1 ఎర్రర్, అంటే మోడల్ మొదటి ఊహే తప్పైన బొమ్మలు, శాతాల్లో:

షార్ట్‌కట్ లేనిది: 18 లేయర్లకు 27.94, 34 లేయర్లకు 28.54
రెస్‌నెట్: 18 లేయర్లకు 27.88, 34 లేయర్లకు 25.03

ముందు నేను ఇక్కడ రాసిన వరసల్లో అడ్డంగా చదువు. షార్ట్‌కట్ లేనప్పుడు లేయర్లు పెంచితే 0.6 చెడింది. షార్ట్‌కట్ ఉంటే 2.85 మెరుగైంది. మొదటి బొమ్మలో చూసిన జబ్బు ఇక్కడ పెద్ద డేటా మీద కూడా కనబడింది, మందు పనిచేసింది.

తర్వాత నిలువుగా చదువు, చాలామంది ఇది చేయరు. 18 లేయర్ల దగ్గర రెండూ దాదాపు ఒకటే. షార్ట్‌కట్ వల్ల చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ లాభం లేదు, నేర్చుకోవడం మాత్రం వేగంగా జరిగిందని వాళ్లే రాశారు. 34 దగ్గరకొస్తే మూడున్నర తేడా. అంటే షార్ట్‌కట్ అనేది ఎక్కడ పెట్టినా మార్కులు పెంచే ట్రిక్ కాదు, లోతు వల్ల ఇబ్బంది వచ్చిన చోటే దాని ప్రభావం తెలుస్తోంది.

ఇక టేబుల్ కింద ఉన్న చిన్న అక్షరాలు. ఈ రెస్‌నెట్‌లలో పోల్చిన నెట్‌వర్క్‌ల కంటే ఒక్క పారామీటర్ కూడా ఎక్కువ లేదని ఉంటుంది. ఆ ముక్క లేకపోతే, "సైజు పెంచారు, గెలిచారు, అందులో విశేషమేముంది" అని ఎవరైనా అడగొచ్చు. మెయిన్ టెక్స్ట్‌లో రెండు పేజీలు వదిలేసినా పర్వాలేదు, టేబుల్ కింద రాసింది మాత్రం వదలకు.

డాక్టర్_మహారాణిపేట · సోమవారం మధ్యాహ్నం 2:17

డ్యూటీ మధ్యలో చూశాను. నేను జనరల్ మెడిసిన్ పీజీ. మా పేపర్లని ఇలా బొమ్మతో మొదలుపెడితే కష్టం అనిపిస్తోంది, మా మేడమ్ ముందు మెథడ్స్ చదవమంటారు. ఎవర్ని తీసుకున్నారు, ఎలా విడగొట్టారు, ఏం కొలుస్తామని ముందే చెప్పారు, ఆ తర్వాతే ఫలితాలు.

ఉదాహరణకి 2020లో వచ్చిన రికవరీ ట్రయల్, కోవిడ్‌కి డెక్సామెథసోన్. 28 రోజుల్లో మరణాలు మందు ఇచ్చినవాళ్లలో 22.9%, మామూలు చికిత్సలో 25.7%. ఆ ఒక్క అంకె పట్టుకుంటే పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇచ్చేయాలనిపిస్తుంది. చేరినప్పుడు ఎవరికి ఎంత ఊపిరి సాయం కావాల్సి వచ్చిందన్న దాన్ని బట్టి చూస్తే కథ వేరు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 29.3, 41.4. ఆక్సిజన్ కూడా అక్కర్లేని వాళ్లలో 17.8, 14.0, అంటే అక్కడ మేలేమీ కనబడలేదు. ఎవరెవర్ని తీసుకున్నారో తెలియకుండా గ్రాఫ్ చూస్తే ఏం లాభం?

మాధురి_సిరిపురం · సోమవారం మధ్యాహ్నం 3:05

డాక్టర్ గారూ, మీ రంగానికి మీ వరసే సరి. ట్రయల్‌లో పొరపాటు జరిగితే మనుషుల్ని ఎంచుకోవడంలోనే జరుగుతుంది. మాకు డేటా అందరిదీ ఒకటే, ఇమేజ్‌నెట్ అంటే అందరికీ అదే ఇమేజ్‌నెట్. మా మోసాలు పోలికలో దాక్కుంటాయి, అందుకే నేను టేబుల్ కింద అక్షరాలు చూడమన్నది.

కిరణ్_రుషికొండ · సోమవారం రాత్రి 8:30

ఆఫీసులో రోజూ ఈ మోడల్స్‌తోనే పని. సాయీ, మూడో సెక్షన్ చదువుతూ బుర్ర తిరిగితే కోడ్ చూడు. బొమ్మ రెండులో ఉన్న బ్లాక్ మొత్తం ఇంతే:

```python
def forward(self, x):
    out = torch.relu(self.bn1(self.conv1(x)))
    out = self.bn2(self.conv2(out))
    return torch.relu(out + x)
```

చివరి లైన్‌లో `+ x` తీసేస్తే షార్ట్‌కట్ లేని నెట్‌వర్క్, ఉంచితే రెస్‌నెట్. ఈ నాలుగు లైన్లు చూశాక ఒక డౌటు దానంతట అదే రావాలి: out సైజు, x సైజు ఒకటి కాకపోతే ఎలా కలుపుతాం? మూడో టేబుల్‌లో ఏ, బీ, సీ అని మూడు రకాలు కనబడేది ఆ సమస్య కోసమే. ఏ అంటే తక్కువైన చోట సున్నాలు నింపడం. బీ అంటే సైజు మారిన చోట మాత్రం దాన్ని సరిపెట్టే ఒక ప్రొజెక్షన్. సీ అంటే అన్ని చోట్లా ప్రొజెక్షన్. 34 లేయర్లకు 25.03, 24.52, 24.19 వచ్చాయి. తేడాలు చిన్నవి, అసలు జబ్బుకి ప్రొజెక్షన్ తప్పనిసరి కాదని వాళ్లు తేల్చారు. శనివారం ఎవరైనా అడిగితే అంత చెప్తే చాలు, మూడింటి మధ్యా ఈదకు.

ఓపికుంటే సిఫార్ మీద 20, 56 రెండూ నువ్వే నడిపి చూడు, మొదటి బొమ్మ నీ స్క్రీన్ మీదే గీసుకోవచ్చు. నాకైతే చదవడం కంటే అదే నమ్మకం.

రవితేజ_ఎంవీపీ · సోమవారం రాత్రి 9:12

అంతా బాగుంది, మరి నా వానిషింగ్ గ్రేడియంట్ ఏమైంది? తిరకాసు అన్నారు మేడమ్. నేను చూసిన ప్రతి వీడియోలోనూ అదే కారణం చెప్పారు.

మాధురి_సిరిపురం · సోమవారం రాత్రి 9:50

పేపర్‌లో 4.1 సెక్షన్ తీయండి. షార్ట్‌కట్ లేని నెట్‌వర్క్‌ల గురించి చెప్తూ, ఈ ఇబ్బందికి గ్రేడియంట్లు మాయమవడం కారణం కాకపోవచ్చని రచయితలే రాశారు. బ్యాచ్ నార్మలైజేషన్ పెట్టి ట్రైన్ చేశారు కాబట్టి ముందుకెళ్లే సిగ్నల్ చచ్చిపోదు. వెనక్కొచ్చే గ్రేడియంట్లు కూడా ఆరోగ్యంగానే ఉన్నాయని కొలిచి చూశామన్నారు. మరి కారణం? నేర్చుకునే వేగం విపరీతంగా మందగించి ఉండొచ్చని ఒక ఊహ చెప్పి, మిగతాది ముందుముందు చూడాలని వదిలేశారు.

సాయీ, బ్యాచ్ నార్మలైజేషన్ దగ్గర మాత్రం ఆగమన్నది ఇందుకే. వీడియో చూసి వెళ్లి శనివారం గ్రేడియంట్ కథ చెప్పావనుకో, పేపర్ చదివిన సీనియర్ ఒక్కడున్నా అక్కడే ఆపుతాడు.

కిరణ్_రుషికొండ · సోమవారం రాత్రి 10:20

రవితేజని పూర్తిగా కొట్టిపారేయలేం మేడమ్. అదే టీమ్ 2016లో ఇంకో పేపర్ వేసింది. షార్ట్‌కట్‌లో ఏ అడ్డంకీ లేకపోతే సిగ్నల్ ముందుకీ వెనక్కీ నేరుగా ప్రయాణిస్తుందని అందులో సమీకరణాలతో చూపించారు. నార్మలైజేషన్ లేని నెట్‌వర్క్‌ల్లో షార్ట్‌కట్లు గ్రేడియంట్‌కి సాయం చేస్తాయన్నది ఎవరూ కాదనరు. ఈ పేపర్‌లో వాళ్లు గీసిన 56 లేయర్ల గీతకి అది కారణం కాదు, అంతవరకే.

మాధురి_సిరిపురం · సోమవారం రాత్రి 10:34

ఒప్పుకుంటాను. 2018లో లాస్ ఉపరితలాన్ని బొమ్మ గీసి చూపించిన ఇంకో పేపర్ వచ్చింది. లోతైన నెట్‌వర్క్‌లో షార్ట్‌కట్లు తీసేస్తే ఆ ఉపరితలం గతుకులమయం అయిపోతుందని అందులో కనబడుతుంది. ఏది అసలు కారణమని ఇప్పుడు నన్నడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. సాయి చెప్పాల్సింది మాత్రం ఈ పేపర్ ఏమందో అది. తర్వాత వచ్చినవాళ్లు ఏమన్నారో వేరే శనివారం.

సాయి_గాజువాక · మంగళవారం రాత్రి 9:25

అక్కా, కిరణ్ అన్నా, ఇప్పుడు పేపర్ చేతిలో లేకుండా రాసుకున్నాను, చూడండి.

"లేయర్లు పెంచితే నెట్‌వర్క్ ట్రైనింగ్‌లోనే వెనకబడుతోంది, ఇది ఓవర్‌ఫిట్ కాదు. మంచి పరిష్కారం ఉన్నా ట్రైనింగ్‌కి దొరకట్లేదు. లేయర్లు మొత్తం నేర్చుకోకుండా, వచ్చినదానికి ఎంత మార్పు కావాలో అంతే నేర్చుకునేలా షార్ట్‌కట్ పెట్టారు. పారామీటర్లు పెంచకుండానే 34 లేయర్లలో 28.54 నుంచి 25.03 కి తగ్గింది. ఇలా 152 లేయర్ల దాకా వెళ్లి, ఆ నెట్‌వర్క్ 3.57 ఎర్రర్‌తో 2015 ఇమేజ్‌నెట్ పోటీ గెలిచింది."

ఇంకో డౌటు. చివర్లో సిఫార్ మీద 1202 లేయర్లు కూడా పెట్టారు. టెస్ట్ ఎర్రర్ 7.93. 110 లేయర్లదేమో 6.43. మరి షార్ట్‌కట్ ఉన్నా జబ్బు తిరిగొచ్చినట్టేనా?

మాధురి_సిరిపురం · మంగళవారం రాత్రి 10:10

చివరి వాక్యం తప్ప అంతా బాగుంది. 3.57 అనేది 152 లేయర్ల నెట్‌వర్క్ ఒక్కదానిది కాదు, వేర్వేరు లోతుల ఆరు మోడల్స్ కలిపి టెస్ట్ సెట్ మీద తెచ్చుకున్నది. 152 ఒక్కటే అయితే వ్యాలిడేషన్ సెట్ మీద 4.49. పైగా ఇవి రెండూ టాప్-5 ఎర్రర్లు, అంటే మోడల్ మొదటి ఐదు ఊహల్లో ఏదీ సరైనది కాకపోతేనే తప్పు లెక్క; నువ్వు పక్కనే రాసిన 25.03 టాప్-1. అలా పక్కపక్కన పెడితే వినేవాళ్లు 25 నుంచి 3 కి పడిపోయిందనుకుంటారు. అబ్‌స్ట్రాక్ట్‌లో కనబడే అంకెని టేబుల్‌లో వెతికి పట్టుకుని, అది దేని మీద, ఎన్ని మోడల్స్‌తో వచ్చిందో పక్కనే రాసుకోవాలి. ఈ 3.57 ని ఎంతమంది తప్పుగా చెప్పగా విన్నానో.

నీ 1202 డౌటుకి నేను జవాబు చెప్పను. దాని ట్రైనింగ్ ఎర్రర్ ఎంతో పేపర్‌లో ఉంది, వెతుకు.

సాయి_గాజువాక · మంగళవారం రాత్రి 10:22

0.1% కంటే తక్కువ! అంటే ట్రైనింగ్‌లో దాదాపు అన్నీ కరెక్ట్, టెస్ట్‌లో వెనకబడింది. మొదటి బొమ్మలో ఉన్న జబ్బు కాదు. ఈసారి నిజంగానే ఓవర్‌ఫిట్. పారామీటర్లు కూడా 1.94 కోట్లు, 110 దానికి 17 లక్షలే. అంత చిన్న డేటాకి అంత పెద్దది అనవసరమేమో అని వాళ్లే రాశారు.

ప్రసాద్_మాస్టారు · బుధవారం ఉదయం 6:05

మీరంతా అంటున్నారు కదా అని నేనూ arXiv సైట్‌లో 1512.03385 నంబరుతో వెతికి దింపుకుని చదివాను. సమీకరణాలు నిజంగానే రెండే, నాకు చేతికి పనేమీ దొరకలేదు. అందుకని టేబుళ్లు చూశాను. ఎర్రర్ బార్లు ఎక్కడ? మా ప్రాక్టికల్ రికార్డులో రీడింగ్ ఒక్కసారే తీసి రాస్తే సంతకం పెట్టేవాణ్ని కాదు. 27.94 కీ 27.88 కీ తేడా 0.06. ఇంకోసారి మొదట్నుంచి ట్రైన్ చేస్తే అది అటూ ఇటూ అవదని ఏం నమ్మకం?

మాధురి_సిరిపురం · బుధవారం ఉదయం 9:14

మంచి చోట పట్టుకున్నారు మాస్టారూ. ఒకే ఒక్క చోట ఇచ్చారు. సిఫార్ మీద 110 లేయర్లది ఐదుసార్లు నడిపి, సగటు 6.61, అటూ ఇటూ 0.16 అని రాశారు. సాయి చెప్పిన 6.43 ఆ ఐదింటిలో బాగా వచ్చినది. ఇమేజ్‌నెట్ అంకెలకి అలాంటిది లేదు, ఆ సైజు ట్రైనింగ్ పదేపదే నడపడం అప్పట్లో ఖరీదైన పని. కాబట్టి 0.06 ని "ఒకటే" అనుకోవాలి తప్ప ఎవరు గెలిచారని చూడకూడదు. మూడున్నర తేడా మాత్రం అలా కొట్టుకుపోదు.

ప్రసాద్_మాస్టారు · బుధవారం ఉదయం 9:40

మరి ఆ 0.6 మాటేమిటమ్మా? జబ్బు ఉందనడానికి పెద్ద డేటా మీద మీకున్న సాక్ష్యం 27.94, 28.54 ఈ రెండేగా.

మాధురి_సిరిపురం · బుధవారం ఉదయం 10:02

నాలుగో బొమ్మ ఉంది. అందులో 34 లేయర్ల ట్రైనింగ్ గీత మొదట్నుంచి చివరిదాకా 18 దాని పైనే నడుస్తుంది, చివర్లో ఒక్క అంకె కాదు. సిఫార్ మీదా అదే పోకడ. నాకు అది చాలు. మీకు చాలకపోతే తప్పు పట్టలేను.

ప్రసాద్_మాస్టారు · బుధవారం ఉదయం 10:11

ఒకసారి నడిపిన దాన్లో గీత ఎంత పొడుగున్నా అది ఒక్క రీడింగే.

సాయి_గాజువాక · బుధవారం మధ్యాహ్నం 1:30

ఈ ఎర్రర్ బార్ సంగతి శనివారం చెప్పనా? 4.3 సెక్షన్, అనుబంధాలు ఎలాగూ ముట్టుకోవట్లేదు, టైమ్ ఉంటుంది. చెప్తే సీనియర్లు ఫస్టియర్‌వాడికి అతి అనుకుంటారేమో.

ప్రసాద్_మాస్టారు · బుధవారం మధ్యాహ్నం 1:48

చెప్పు. మొదట్లోనే చెప్పు, వినేవాళ్లు ఆ కంటితో టేబుల్ చూస్తారు.

మాధురి_సిరిపురం · బుధవారం మధ్యాహ్నం 2:20

చెప్పు, కానీ రెండో టేబుల్ అయ్యాక. ముందే చెప్తే నాలుగు అంకెలు చూడకముందే గంటసేపు దాని మీదే వాదించుకుంటారు.

శ్రీను_మధురవాడ · బుధవారం సాయంత్రం 6:15

తమ్ముడూ, బయటివాళ్లని రానిస్తారా మీ శనివారానికి? మొదటి బొమ్మ నేనూ చూశా, ఈ వాదన వినాలనుంది.